ఫొటోలోంచి అనువాదం చేస్తే 1,5 కాస్తా 15 అయింది – తప్పు అక్షరాలు చదివే దగ్గరా, అనువాదం దగ్గరా?

వానచినుకు

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఒక నీళ్ళ పంపు తీసుకున్నాను. గాలి నింపే చిన్న ట్యాంకు దానికే బిగించి ఉంటుంది, ఆ రకం. మాన్యువల్ మొత్తం జర్మన్‌లో ఉంది. ఫోన్‌లో ఫొటో తీసి అనువాదం యాప్‌కి ఇస్తే ఒక పేజీకి తెలుగులో ఇలా వచ్చింది:

"రీసెట్ బటన్‌ను 3 సెకన్లు ముద్రించండి. నింపిన తర్వాత మాత్రమే పంపును ఆపండి. బాయిలర్‌లో గాలి పీడనం 15 బార్ ఉండాలి. ఒక."

బటన్‌ను ముద్రించడం ఏమిటో అర్థం కాలేదు. చివర్లో ఆ "ఒక" ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు. కానీ 15 బార్ మాత్రం నిజమే అనుకుని గాలి పంపు తగిలించబోయాను. అదృష్టం కొద్దీ ట్యాంకు మీద గరిష్ఠం 10 అని అచ్చు వేసి ఉంది, అది చూసి ఆగిపోయాను. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంత శుభ్రమైన వాక్యాల్లో ఇంత పెద్ద తప్పు ఎక్కడ దూరింది? ఏ మాట నమ్మాలి, ఏది నమ్మకూడదు?

వెన్నెలదారి

అనువాదం యాప్‌ల సంగతి అంతేనండి. జర్మన్ నుంచి తెలుగుకి నేరుగా మంచి అనువాదం రావడం కష్టం. వేరే యాప్ వాడి చూడండి. ఇంకో మాట, ఫొటోని ముందు పూర్తి నలుపు-తెలుపుగా మార్చి కాంట్రాస్ట్ బాగా పెంచండి, అక్షరాలు స్పష్టంగా వస్తాయి.

అచ్చుతప్పు

వానచినుకు గారూ, యాప్ మార్చే ముందు ఒక్క పని చేయండి. ఫొటో ఇచ్చినప్పుడు యాప్ రెండు పనులు చేస్తుంది. ముందు బొమ్మలోంచి జర్మన్ అక్షరాలు చదువుతుంది, తర్వాత చదివిన ఆ అక్షరాలను మాత్రమే అనువాదానికి పంపుతుంది. అనువదించే భాగానికి మీ ఫొటో కనపడదు. దానికి చేరేది టైపు చేసినట్టున్న వరుస ఒక్కటే. ఆ మధ్య వరుసను చాలా యాప్‌లు చూపిస్తాయి, "మూల పాఠం" అనో "కాపీ చేయి" అనో ఉంటుంది చూడండి. అది ఇక్కడ పెట్టండి, అసలు పేజీ ఫొటో కూడా పెట్టండి. ఆ రెండూ పక్కపక్కన లేకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే అవుతుంది.

రాత్రిబండి

నాదీ ఇదే సమస్య. నా డైరీలో చేతిరాతని యాప్ అసలు చదవడం లేదు, ఏం చేయాలి?

అచ్చుతప్పు

రాత్రిబండి గారూ, ఇక్కడ విషయం అచ్చు అక్షరాల గురించి. చేతిరాతలో అక్షరాలు ఒకదానికొకటి కలిసిపోతాయి, దానికి వేరే AI నమూనాలు కావాలి. ఇంకో చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.

వానచినుకు

దొరికింది. యాప్ చదివింది ఇది:

```
Reset-Taste 3 Sekunden drucken.
Schalten Sie die Pumpe erst nach dem Befüllen
Der Luftdruck im Kessel muss 15 bar betragen.

ein.
```

పేజీలో నా కళ్ళకి కనిపిస్తున్నది ఇది, ఒక్కో అక్షరం చూసి టైపు చేశాను:

```
Reset-Taste 3 Sekunden drücken.
Schalten Sie die Pumpe erst nach dem Befüllen
ein.
Der Luftdruck im Kessel muss 1,5 bar betragen.
```

ఫొటో కూడా జత చేశాను. పేజీ కుట్టు దగ్గర కొంచెం వంగి ఉంది. పక్కన పంపు బొమ్మ ఉంది.

అచ్చుతప్పు

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మీ నాలుగు తప్పుల్లో మూడు అనువాదం మొదలవక ముందే జరిగిపోయాయి.

మొదటిది "ముద్రించండి". జర్మన్‌లో drücken అని u మీద రెండు చుక్కలుంటే ఆ మాటకి నొక్కడం అని అర్థం. చుక్కలు పోతే అదే మాటకి అచ్చు వేయడం అని అర్థం. రెండూ రోజూ వాడే మాటలే. అనువాదానికి చుక్కలు లేని మాట చేరింది, అది నిజాయితీగా "ముద్రించండి" అని రాసింది. అక్కడ దాని తప్పేమీ లేదు.

రెండోది పంపును "ఆపండి". ఇది మీ మిషన్‌ని పాడు చేసేది. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలవుతాయి, మొదటి ముక్క వాక్యం మొదట్లో వస్తుంది, రెండో ముక్క వాక్యం చిట్టచివర వస్తుంది. స్విచ్ వేయాలా ఆపాలా అన్నది ఆ చివరి ముక్కే చెబుతుంది. ein ఉంటే వేయమని, aus ఉంటే ఆపమని. మీ పేజీలో ఆ ein ఒక్కటే కింది వరుసలోకి జారింది. యాప్ వరుసల్ని పెట్టెలుగా విడగొట్టినప్పుడు ఆ చిన్న ముక్కని వేరే పెట్టె అనుకుని అన్నిటికంటే చివర పెట్టింది. దాంతో వాక్యానికి తోక తెగింది. అనువాదం మాత్రం ఖాళీ వదలదు, ఏదో ఒకటి ఎంచుకుంటుంది, మీకు "ఆపండి" ఎంచుకుంది. ఇక ఒంటరిగా మిగిలిన ein కి విడిగా "ఒక" అనే అర్థం కూడా ఉంది. మీ చివరి "ఒక" వచ్చింది అందుకే.

నిజానికి ఆ వాక్యం చెప్పేది, నీళ్ళు నింపాకే పంపు వేయమని. నీళ్ళు లేకుండా తిరిగితే సీల్ కాలిపోతుంది.

మూడోది కామా. జర్మన్‌లో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. ఆ కామా మాయమైంది.

నాలుగోది "బాయిలర్". దాని గురించి తర్వాత, ముందు మీరు ఒక పరీక్ష చేయాలి. మీరు చేత్తో టైపు చేసిన సరైన జర్మన్‌ని అదే యాప్‌లో వేసి చూడండి. సరైన పాఠం ఇచ్చాక కూడా మిగిలిన తప్పే అనువాదం తప్పు.

వెన్నెలదారి

ఒప్పుకుంటాను, చదవడంలోనే పోయింది. అయితే నా మాట ఇంకా బలపడింది కదా, నలుపు-తెలుపు చేస్తే చుక్కలు తేలతాయి.

వానచినుకు

రెండూ చేశాను.

టైపు చేసి ఇస్తే: "రీసెట్ బటన్‌ను 3 సెకన్లు నొక్కండి. నింపిన తర్వాతే పంపును ఆన్ చేయండి. బాయిలర్‌లో గాలి పీడనం 1.5 బార్ ఉండాలి." అంటే బాయిలర్ ఒక్కటే మిగిలింది.

వెన్నెలదారి గారు చెప్పినట్టు నలుపు-తెలుపు చేసిన ఫొటో ఇస్తే ఇంకా పాడైంది. కుట్టు దగ్గర నీడ పడిన చోట మొత్తం నల్ల మచ్చ అయిపోయి మూడు మాటలు పోయాయి. కామా మళ్ళీ రాలేదు.

అచ్చుతప్పు

అవునండి, అలాగే అవుతుంది. పేజీ మొత్తానికి ఒకే గీత గీసి, ఇంతకంటే ముదురుగా ఉన్నది నలుపు, మిగతాది తెలుపు అంటే నీడ కూడా సిరా అయిపోతుంది, లేతగా పడిన చుక్క కాగితం అయిపోతుంది. పాత పద్ధతులకి నలుపు-తెలుపు బొమ్మ కావాల్సి వచ్చేది, ఆ సలహా అప్పటిది. ఇప్పుడు అక్షరాలు చదివే నమూనాల్లో ఎక్కువ భాగం బూడిద రంగు తేడాలను కూడా వాడుకుంటాయి. వాటి చేతికి వెళ్ళే ముందే మనం ఆ తేడాలు తుడిచేస్తే చదవడానికి ఆధారం తగ్గుతుంది. వెన్నెలదారి గారి సలహా పూర్తిగా తప్పని కాదు. వెలుగు సమానంగా పడిన స్కాన్ అయితే నష్టం తక్కువ. ఫోన్ ఫొటోకి మాత్రం వద్దు.

మీ ఫొటోలో నేను పిక్సెళ్ళు లెక్కపెట్టాను. చిన్న అక్షరం ఎత్తు సుమారు 9 పిక్సెళ్ళు ఉంది. అందులో కామాకి దక్కేది రెండో మూడో, ü చుక్క ఒక్కోదానికి ఒకటో రెండో. అంత చిన్నదాన్ని మచ్చ అనుకుని శుభ్రం చేసే దశలో కొట్టేయడం చాలా తేలిక. ఫొటోని యాప్‌కి ఎలా ఇచ్చారు?

వానచినుకు

ఫొటో తీసింది మా అక్క ఫోన్‌తో. మెసేజ్‌లో నాకు పంపింది, దాన్నే యాప్‌కి ఇచ్చాను.

అచ్చుతప్పు

అయితే గొలుసులో మొదటి లింకు అక్కడుంది. మెసేజ్‌లో ఫొటోగా పంపితే చాలాసార్లు చిన్నది చేసి, కుదించి పంపుతుంది. కళ్ళకి తేడా తెలియదు, ఎందుకంటే మనం మాట మొత్తం చూసి చదువుతాం. ఫైలుగా పంపమనండి, లేదా మీ ఫోన్‌తోనే తీయండి. పేజీ మొత్తం కాకుండా ఆ పేరా మాత్రమే ఫ్రేము నిండేలా తీయండి. చిన్న అక్షరం ఎత్తు 20 పిక్సెళ్ళు దాటితే చాలు, 30 దగ్గర ఉంటే ఇంకా మంచిది.

పాతపుస్తకం

నాకు ఒకటి అర్థం కాలేదు. Befüllen లో ü చుక్కలు సరిగ్గా వచ్చాయి, drücken లో పోయాయి. అదే ఫొటో, అదే సైజు అక్షరాలు. చుక్కలు చిన్నవి కాబట్టే పోయాయంటే రెండు చోట్లా పోవాలి కదా?

అచ్చుతప్పు

ఇది చాలా మంచి ప్రశ్న, అసలు విషయం ఇక్కడే ఉంది. చదివే నమూనా ఒక్కో అక్షరాన్ని విడిగా చూడదు, పక్కనున్న అక్షరాల సాయం కూడా తీసుకుంటుంది. ఏ అక్షరాల తర్వాత ఏవి వస్తాయో దానికి అలవాటు ఉంటుంది. Befullen అనే మాట జర్మన్‌లో లేదు. అక్కడ చుక్కలు మసకగా ఉన్నా, అలవాటు ü వైపే లాగుతుంది. కానీ drucken అనే మాట ఉంది. అక్కడ మసక చుక్కల్ని సరిదిద్దే బలం ఏదీ లేదు, రెండు దారులూ తెరిచే ఉంటాయి.

అందుకే అర్థం లేని మాటగా మారే తప్పులు చాలావరకు మధ్యలోనే పట్టుబడతాయి, లేదా కనీసం మన కంటికి వింతగా కనిపిస్తాయి. ఇంకో సరైన మాటగా మారే తప్పు మాత్రం ప్రతి దశనీ దాటిపోతుంది. అంకెల విషయంలో ఇది మరీ దారుణం. 15 కూడా సరైన అంకే, 1,5 కూడా సరైన అంకే, వ్యాకరణం రెండిటికీ ఏమీ అనదు.

పాతపుస్తకం

ఇది చదివాక నాకు జరిగింది ఇప్పుడు అర్థమవుతోంది. మాది తెలుగు నుంచి ఇంగ్లీషుకి. పాత టైపు కాగితం, "ఈ ద్రావణాన్ని ఇనుప పాత్రల్లో నిల్వ చేయవద్దు" అని ఉంది. తెలుగు చదవడం రాని సహోద్యోగి ఫొటో తీసి అనువాదం చూసుకుంటే, ఇనుప పాత్రల్లో నిల్వ చేయవచ్చు అని వచ్చింది. పూర్తిగా తలకిందులు. మూల పాఠం తీసి చూస్తే నిజంగానే "చేయవచ్చు" అని ఉంది. అప్పుడు నేను అనువాదాన్నే తిట్టుకున్నాను.

అచ్చుతప్పు

తెలుగు వాళ్ళం అందరం గుర్తుపెట్టుకోవాల్సిన జంట ఇది. వద్దు, వచ్చు. ఒక్క అక్షరం తేడా, అర్థం మాత్రం ఎదురు. చ, ద ఆకారాలు దగ్గరగా ఉంటాయి, ఒత్తు కింద వేలాడుతుంది. వరుసని కత్తిరించే పెట్టె కింద కొంచెం బిగుతుగా పడితే ఒత్తు కాలు తెగుతుంది, అప్పుడు నమూనా తనకి బాగా అలవాటైన మాటతో పూరించి ఉండొచ్చు. మీ కాగితం చూడకుండా కచ్చితంగా చెప్పలేను. మన భాషలో అవును కాదు అనేది క్రియ చివర తేలుతుంది, జర్మన్‌లో ఆ ein చివర తేలినట్టే. వాక్యం చివరి ముక్క పోతే రెండు భాషల్లోనూ ఒకే రకం ప్రమాదం.

కొత్తకలం

నాదో ఆలోచన. వచ్చిన తెలుగుని మళ్ళీ జర్మన్‌లోకి తిప్పి, మూలంతో పోలిస్తే తప్పులు దొరకవా? నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

అచ్చుతప్పు

ఈ రకం తప్పులకి పనికిరాదండి. "15 బార్" ని వెనక్కి తిప్పితే 15 బార్ వస్తుంది, చక్కగా సరిపోయిందనిపిస్తుంది. దేనితో పోలుస్తున్నారు? యాప్ చదివిన పాఠంతో. అందులోనే కామా లేదు. తిప్పి చూడటం వల్ల అనువాదం దశలో తప్పులు కొన్ని దొరుకుతాయి, చదివే దశలోవి ఒక్కటీ దొరకదు. దానికి చదివిన పాఠాన్ని ఫొటోతో పోల్చడమే మార్గం. జర్మన్ రాకపోయినా ఫర్వాలేదు, అక్షరం ఆకారం పోల్చడానికి భాష అక్కర్లేదు, వానచినుకు గారు చేసింది అదే.

కొత్తకలం

సరే, ఒప్పుకున్నాను. మరి చదివే నమూనా ప్రతి మాటకీ ఎంత నమ్మకమో అంకె ఇస్తుంది కదా? తక్కువ అంకె వచ్చిన మాటలు మాత్రమే చూసుకుంటే సరిపోదా? మొత్తం పేజీ పోల్చడం చాలా పని.

అచ్చుతప్పు

కంప్యూటర్‌లో టెసెరాక్ట్ అనే అక్షరాలు చదివే ప్రోగ్రామ్ ఉంటే చూడొచ్చు. వానచినుకు గారి మొదటి ఫొటోలో ఆ పేరా కత్తిరించి నా దగ్గర నడిపాను:

```
tesseract para.png out -l deu --psm 6 tsv
cut -f11,12 out.tsv
```

11వ నిలువు వరుసలో నమ్మకం 0 నుంచి 100 దాకా, 12లో మాట వస్తాయి. నాకు వచ్చిన వాటిలో మనకి కావాల్సినవి:

```
61  drucken.
88  Befüllen
95  15
```

మొదటి మాట దగ్గర దానికే అనుమానం వచ్చింది, 61. ఇది పనికొచ్చింది. కానీ 15 దగ్గర 95 చూడండి. కామా చదివే దశకి చేరనే లేదు, లేదా చేరినా మచ్చలా చేరింది. మిగిలిన 1, 5 రెండూ చాలా స్పష్టంగా ఉన్నాయి, కాబట్టి నమూనాకి అనుమానించడానికి కారణం లేదు. తను చూసిన దాని గురించే అది నమ్మకం చెబుతుంది, తనకి చూపించని దాని గురించి చెప్పలేదు.

ఇంకో నష్టం ఏమిటంటే, మామూలు యాప్‌లో ఆ 61 కూడా అనువాదం దాకా వెళ్ళదు. ఒక్క మాట మాత్రమే వెళ్తుంది. "ఇది drücken కూడా కావచ్చు" అనే అనుమానం దారిలోనే రాలిపోతుంది. బటన్, 3 సెకన్లు అనే మాటలు పక్కనే ఉన్నాయి, ఆ అనుమానం చేరి ఉంటే అనువాదం సరైనది ఎంచుకునే వీలుండేది.

నా పద్ధతి చెబుతాను. తక్కువ నమ్మకం ఉన్న మాటలు చూస్తాను, వాటితో పాటు ప్రతి అంకె, ప్రతి యూనిట్, వద్దు కాదు లాంటి మాటలు, ప్రతి వాక్యం చివర, నమ్మకం ఎంత ఉన్నా చూస్తాను.

వెన్నెలదారి

99 శాతం కరెక్టుగా చదువుతాయని చెబుతారు కదా ఇవి. మరి ఒక పేరాలో మూడు తప్పులా?

అచ్చుతప్పు

99 శాతం అంటే అక్షరాల్లో. ఆ రెండో వాక్యంలో సుమారు 40 అక్షరాలున్నాయి అనుకోండి. ఒక్కోదానికి 0.99 అయితే 40 అక్షరాలూ సరిగ్గా రావడానికి అవకాశం 0.99 ని 40 సార్లు గుణిస్తే వస్తుంది, సుమారు 0.67. అంటే మూడింట ఒక వాక్యంలో ఎక్కడో ఒక తప్పు ఉంటుంది.

కొత్తకలం

ఆ లెక్క ఒప్పుకోను. తప్పులు అలా సమానంగా చల్లినట్టు రావు. వంపు దగ్గర, నీడలో, చిన్న అక్షరాల్లో గుంపుగా వస్తాయి, మిగతా పేజీ శుభ్రంగా ఉంటుంది.

అచ్చుతప్పు

నిజమే, మీరన్నది సరైనది. ఆ లెక్క అందాజుకే. గుంపుగా వస్తాయి కాబట్టి చూడాల్సిన చోటు తగ్గుతుంది, అది మనకి మేలే. అయితే మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో రాసేది హెచ్చరికలూ, కొలతలూ. గుంపు కూడా అక్కడే పడుతుంది.

వానచినుకు

కొత్త ఫొటో తీశాను. కిటికీ వెలుగులో, పేజీ మీద గాజు పలక పెట్టి అదిమి, పేరా ఒక్కటే వచ్చేలా. మెసేజ్ లేకుండా నా ఫోన్‌లోనే. యాప్‌లో భాషని ఆటోమేటిక్ తీసేసి జర్మన్ అని పెట్టాను. drücken వచ్చింది, 1,5 వచ్చింది! ein మాత్రం ఇంకా చివరకే పోతోంది. మరి బాయిలర్ సంగతి?

అచ్చుతప్పు

చాలా బాగుంది. బాయిలర్ మాత్రం నిజంగా అనువాదం తప్పే. Kessel అనే జర్మన్ మాటకి ట్యాంకు, బాయిలర్, పెద్ద పాత్ర అన్నీ అర్థాలే. అనువాదానికి మీ పంపు బొమ్మ తెలియదు. యాప్‌లో లక్ష్య భాషని ఇంగ్లీషు పెట్టి ఒకసారి చూడండి. అక్కడా boiler అని వస్తే ఆ దశలోనే అర్థం జారింది. కొన్ని సేవల్లో జర్మన్ నుంచి తెలుగుకి వెళ్ళేటప్పుడు మధ్యలో ఇంగ్లీషు మీదుగా వెళ్తుంది, అప్పుడు ఇంగ్లీషులో ఎంచుకున్న అర్థమే తెలుగులోకి దిగుతుంది. ముందు వెనక అదే మాట ఉన్న వాక్యాలు ఇంకో రెండు కలిపి ఇస్తే మారొచ్చు, మారకపోవచ్చు.

వానచినుకు

ఇంగ్లీషులోనూ boiler అనే వచ్చింది. ముందు వెనక వాక్యాలు కలిపి ఇస్తే ఒకసారి tank వచ్చింది, ఇంకోసారి మళ్ళీ boiler.

కొత్తకలం

ఇప్పుడు బొమ్మనే నేరుగా చూసి తెలుగులో రాసే నమూనాలు వచ్చాయి కదా. మధ్యలో అక్షరాల వరుస ఉండదు. పక్కన పంపు బొమ్మ కూడా చూస్తుంది కాబట్టి Kessel అంటే ట్యాంకు అని తెలుసుకుంటుంది, ein ఏ వాక్యానిదో కూడా తెలుస్తుంది. ఈ గొలుసు సమస్యే ఉండదు.

అచ్చుతప్పు

ఆ రెండు విషయాల్లో అవి మేలు కావచ్చు, నేనూ చూశాను. నా భయం వేరే. మధ్య పాఠం ఉంది కాబట్టే వానచినుకు గారు ఇవాళ కామా ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించగలిగారు. అది లేకపోతే తెలుగు వాక్యం, ఫొటో, మధ్యలో ఏమీ ఉండదు. జర్మన్ రాని మనిషి దేన్ని దేనితో పోలుస్తారు? పైగా మసకగా ఉన్నచోట వాక్యానికి నప్పే మాటతో నింపే గుణం వాటిలో ఇంకా బలంగా ఉంటుంది.

కొత్తకలం

చదివిన జర్మన్‌ని కూడా రాసి చూపించమని అడగొచ్చు కదా.

అచ్చుతప్పు

అడగొచ్చు. కానీ అనువాదం నిజంగా ఆ రాసి చూపించిన దాని నుంచే వచ్చిందనీ, రెండూ విడివిడిగా రాయలేదనీ ఎలా తెలుసుకోవాలి? నా దగ్గర దానికి జవాబు లేదు.

పాతపుస్తకం

నాకైతే మధ్య పాఠం కనపడే పద్ధతే కావాలి. ఆ "చేయవచ్చు" కళ్ళతో చూసి ఉండకపోతే ఇప్పటికీ అనువాదాన్నే తప్పు పడుతూ ఉండేవాణ్ణి.

వానచినుకు

ein విషయం మా అక్క పరిష్కరించింది. పంపు బొమ్మ మీద తెల్ల కాగితం కప్పి తీసింది, అప్పుడు ein తన వాక్యంలోనే పడింది. ట్యాంకులో గాలి 1.5 బార్‌కి పెట్టాను, నీళ్ళు నింపాకే స్విచ్ వేశాను, నడుస్తోంది. కానీ తర్వాతి పేజీలో సమస్యలు–కారణాలు పట్టిక ఉంది. యాప్ దాన్ని అడ్డంగా చదివి, ఒక సమస్యకి పక్క వరుస కారణాన్ని అంటిస్తోంది. గీతలు లేవు ఆ పట్టికకి.

అచ్చుతప్పు

గీతలు లేని పట్టికలో ఏది ఏ గడిదో తెలుసుకోవడం దానికి కష్టం. ఒక్కో గడిని విడిగా కత్తిరించి ఇవ్వండి, సమస్య ఒక ముక్క, దాని కారణం ఒక ముక్క. ఎన్ని వరుసలున్నాయి?

వానచినుకు

పదకొండు. రాత్రికి కూర్చుని ఒక్కోటి చేస్తాను, మూల పాఠంతో సహా ఇక్కడే పెడతాను.